స్పిల్ అయిందా, చేశావా?

సంపాదకుడు గారికి,

మా మేనకోడలి కూతురికి ఎనిమిదేళ్లు. మలక్‌పేటలో ఉంటారు. ఈమధ్య ఆ పిల్ల స్కూల్ డైరీలో టీచర్ ఒక చీటీ అంటించి పంపారు. "మీ అమ్మాయి తెలుగూ ఇంగ్లీషూ కలిపేస్తోంది, ఏ భాషా పట్టుబడటం లేదు, ఇంట్లో ఇంగ్లీషులోనే మాట్లాడండి" అని. ఆ రోజు నుంచి ఇంట్లో తెలుగు బంద్. సూర్యాపేట నుంచి వచ్చి ఉంటున్న అమ్మమ్మ, అంటే మా వదిన, మనవరాలు ఏదో అడుగుతుంటే కూతురి మొహం చూస్తోంది, అర్థం చెప్తుందేమోనని.

ఆ స్కూల్ పేరు రాయను. ఇలాంటి చీటీలు రాసేది ఆ ఒక్క స్కూలే అయితే ఈ ఉత్తరం అవసరమే ఉండేది కాదు. నేను కాలేజీలో భాషాశాస్త్రం చెబుతాను. ఆ పిల్ల మాటలు విన్నదాన్ని కాబట్టి విన్నది విన్నట్టు రాస్తున్నాను.

చీటీ రాకముందు ఒక ఆదివారం వాళ్లింట్లో ఉన్నాను. పిల్ల స్కూల్ ప్రాజెక్ట్ చేసుకుంటోంది. ఉన్నట్టుండి లోపలి నుంచి అరిచింది: "మమ్మీ, గ్లూ మొత్తం టేబుల్ మీద స్పిల్ అయిపోయింది!" వాళ్లమ్మ వంటింట్లోంచే, "స్పిల్ అయిందా, నువ్వు చేశావా?" అంది. పిల్ల నోరు మెదపలేదు. జిగురు గిన్నెకు తగిలి ఒలకబోసింది తనే మరి.

ఈ రెండు మాటల్లోనే పాఠం అంతా ఉంది. ఇంగ్లీషులో స్పిల్ అన్న ఒకే మాట, జిగురు దానంతటది ఒలికినా, ఎవరైనా ఒలకబోసినా సరిపోతుంది. తెలుగులో కుదరదు. ఒలకడం వేరు, ఒలకబోయడం వేరు. కాబట్టి ఆ ఇంగ్లీషు మాట తెలుగు వాక్యంలోకి రావాలంటే పక్కన "అవు" పెట్టాలో "చెయ్యి" పెట్టాలో తేల్చుకోవాలి. పిల్ల "అవు" పెట్టి తప్పు జిగురు మీదికి తోసేసింది. తల్లి "చెయ్యి" పెట్టి తిరిగి పిల్ల మీదికి తెచ్చింది. రెండు భాషలూ రాని పిల్ల చేసే పని కాదిది.

ఏం అనలేదో కూడా చూడండి. "స్పిల్డ్ అయింది" అనలేదు. ఇంగ్లీషు క్రియ ఒట్టి రూపంలోనే వస్తుంది, కాలం చెప్పే పని తెలుగు తోకదే. "షాపింగ్ చేశాం", "వాకింగ్ చేస్తున్నాడు" అంటాం కదా అనొచ్చు. అక్కడ షాపింగ్, వాకింగ్ పనుల పేర్లు, నామవాచకాలు. అలాగే "ఆన్ ద టేబుల్ స్పిల్ అయింది" అనలేదు, "టేబుల్ మీద" అంది. పేర్లూ, క్రియల మొద్దులూ ఎక్కడి నుంచైనా రావచ్చు కానీ విభక్తులూ, ప్రత్యయాలూ, వాక్యం చివర క్రియా మాత్రం తెలుగువే. "సో", "బట్" లాంటివి వస్తాయి కానీ అవి వాక్యం గుమ్మం దగ్గర నిలబడే మాటలు, లోపలి కట్టడాన్ని కదపవు.

ఈ "అవు", "చెయ్యి" ఎంపిక ఇంగ్లీషును చూసి చేసేది కాదని చెప్పడానికి ఇంకో రెండు ఉదాహరణలు చాలు. "ఐ మిస్ యూ"లో కర్తా ఉంది, కర్మా ఉంది. ఆ లెక్కన "నిన్ను మిస్ చేస్తున్నా" అనాలి. ఎవరూ అనరు. "మిస్ అవుతున్నా" అంటారు, ఎందుకంటే అది మనం చేసే పని కాదు, మనకు జరిగేది. ఇక టికెట్ సంగతి. "బుక్ చేశాను" అంటే ఎవరికోసమైనా కావచ్చు, "బుక్ చేసుకున్నాను" అంటే నా కోసమే. ఈ తేడా ఇంగ్లీషు క్రియలో లేదు. మనం దానికి తెలుగు వ్యాకరణం తొడిగి, ఇంగ్లీషు వాళ్లు దానితో చెప్పలేనిది చెబుతున్నాం.

ఇది సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో మొదలైన రోగం అనుకునేవాళ్లు మీ పత్రికనే ఒకసారి తిరగేయాలి. "రైలు రద్దయింది", "టెండర్ రద్దు చేశారు". "పిటిషన్ దాఖలైంది", "దాఖలు చేశారు". రద్దు, దాఖలు, ఖరారు, జమ అన్నీ అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మన దగ్గరికి వచ్చిన మాటలు. అవి ఏ గుమ్మంలోంచి వచ్చాయో క్యాన్సిల్ కూడా అదే గుమ్మంలోంచి వచ్చింది. అంతకుముందు సంస్కృతం నుంచి "ప్రారంభం" వచ్చి "ప్రారంభం చేశారు, ప్రారంభం అయింది" అయిందీ ఇలాగే. చార్మినార్ దగ్గర గాజుల కొట్టాయన ఇదే క్యాన్సిల్‌కి "కర్‌నా", "హోనా" తగిలిస్తాడు. ఆయన పద్ధతి ఉర్దూది, మనది తెలుగుది. పైగా ఆయన నాతో తెలుగు, పక్క కొట్టతనితో దక్కనీ, ఫోన్లో సరుకు పంపేవాడితో హిందీ. ఎవరితో ఏదన్నది ఒక్కసారీ తప్పడు.

న్యూయార్క్‌లోని ప్యూర్టోరికో వాళ్ల స్పానిష్, ఇంగ్లీషు కలగలుపు మాటల మీద షానా పాప్లాక్ అనే భాషాశాస్త్రవేత్త 1980లో ఒక పరిశోధన ప్రచురించారు. ఒకే వాక్యం మధ్యలో భాష మార్చేది ఎక్కువగా రెండు భాషలూ బాగా వచ్చినవాళ్లేనని అందులో తేలింది. ఒక భాషలో తడబడేవాళ్లు వాక్యం మధ్య జోలికి పెద్దగా పోరు, చివర ఒక చిన్న ఊతపదం తగిలించి ఊరుకుంటారు. మధ్యలో మార్చాలంటే రెండు వ్యాకరణాలూ ఒకేసారి చేతిలో ఉండాలి.

అలాగని ప్రతి పిల్లా ప్రావీణ్యంతోనే కలుపుతోందని నేను అనను. తెలుగు మాటే తెలియక ఇంగ్లీషు మాట వాడే పిల్లలు ఉన్నారు. పరీక్షలో వ్యాసం కలగలుపుగా రాస్తే మార్కులు తీసేయడమూ న్యాయమే. అయితే ఏది రాకపోవడమో, ఏది నేర్పో తెలుసుకోవడానికి తేలికైన దారి ఉంది. ఇంగ్లీషు రాని మనిషి ఎదుట పిల్లను కూర్చోబెట్టి వినాలి. రాని పిల్ల అక్కడా అదే మాట అంటుంది, లేదా ఆగిపోయి వెతుక్కుంటుంది. మా పిల్ల ఆ ఆదివారమే, గ్లూ తుడిచిన చేతులతో వదిన దగ్గరికెళ్లి, "అమ్మమ్మా, జిగురు మొత్తం ఒలికిపోయింది" అంది. స్పిల్ ఊసే లేదు. అమ్మకు ఒక మాట, అమ్మమ్మకు ఇంకో మాట. రెండు చోట్లా తప్పు మాత్రం జిగురుదే!

పిల్ల ఇంగ్లీషు బలపడాలంటే ఇంగ్లీషు ఎక్కువ వినాలి, చదవాలి. తెలుగు తీసేస్తే ఆ జాగాలోకి ఇంగ్లీషు దానంతటది వచ్చి కూర్చోదు. కాబట్టి డైరీలో చీటీ అంటించే ముందు టీచర్లు ఒక్క పని చేయాలని కోరుతున్నాను. పేరెంట్స్ మీటింగ్ రోజు అమ్మమ్మనో, తాతనో కూడా రమ్మనండి. పిల్ల వాళ్లతో పది నిమిషాలు మాట్లాడుతుంటే పక్కన కూర్చుని వినండి. మా వదిన రావడానికి సిద్ధంగా ఉంది, నేను అడిగాను.

ఇట్లు,
ఒక భాషాశాస్త్ర అధ్యాపకురాలు,
హైదరాబాద్