నాయన ఆసుపత్రిలో, నా పరీక్ష శనివారం: ఆ ఉత్తరం రాయించిన వాళ్లకు కృతజ్ఞతలు

నాయన నిన్న కుడి చేత్తో గ్లాసు పట్టుకున్నారు. రెండు గుటకలు తాగి కింద పెట్టారు. అది చూశాకే ఈ పోస్ట్ రాయడానికి మనసు కుదురుకుంది.

జూలై 3, గురువారం రాత్రి కర్నూలులో మా ఇంటి ముందే నాయన పడిపోయారు. మాట ముద్దగా వస్తోందని, కుడి చెయ్యి లేవడం లేదని అమ్మ ఫోన్ చేసింది. పక్కింటి అన్న 108 పిలిచి, ఆలస్యం చెయ్యకుండా పెద్దాసుపత్రికి తీసుకుపోయాడు. పక్షవాతం అన్నారు. నేను హైదరాబాదులో బస్సెక్కి తెల్లారేసరికి వార్డులో ఉన్నాను. అన్నా, ఆ రాత్రి నువ్వు లేకపోతే అన్న ఆలోచన దగ్గరికి కూడా పోలేకపోతున్నాను. నీకు మొదటి దండం.

ఆ శనివారం, 5వ తేదీ ఉదయం పది గంటలకు హైదరాబాదులో నా పీఎంపీ పరీక్ష. పీఎంఐ సంస్థ ఇచ్చే ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ సర్టిఫికేషన్ అది. ఎనిమిది నెలలు చదివాను. శుక్రవారం పొద్దున వార్డు బయట మెట్ల మీద కూర్చుని తేదీ మార్చబోతే సైట్ ఒప్పుకోలేదు. నేను బుక్ చేసినప్పుడు చదివిన నిబంధనల ప్రకారం, నెల రోజులకు పైగా ముందుంటే ఉచితంగా మార్చుకోవచ్చు, ఆ తర్వాత 70 డాలర్లు కట్టాలి, చివరి 48 గంటల్లో అసలు మార్చలేం. రాకపోతే కట్టిన ఫీజు మొత్తం పోయినట్టే.

ఏడుపు ఆపుకోలేక మా ఆఫీసులో ఈ పరీక్ష పాసైన అక్కకు ఫోన్ చేశాను. నియమాల్లో ఇంకో దారి కూడా ఉందని అక్కే చెప్పింది. దగ్గరి కుటుంబ సభ్యుల జబ్బు, మరణం, ప్రకృతి విపత్తు లాంటివి ఉంటే, పరీక్ష సమయం దాటిన 72 గంటల్లోపు కారణం రాసి, ఆధారాలు పెట్టి అడగొచ్చు. ఆఫీసు పని అడ్డొచ్చిందంటే మాత్రం లెక్కలోకి రాదు. "కాగితాలు దొరికేదాకా ఆగొద్దమ్మా, ఇప్పుడే నాలుగు లైన్లు పంపించు, కేస్ నంబర్ వస్తుంది. కాగితాలు ఆ నంబర్ మీదే తర్వాత పంపొచ్చు" అంది. అప్పుడే మెయిల్ పెట్టాను. నాకు మిగిలిన గడువు మంగళవారం పొద్దున పదింటి వరకు.

ఆ రాత్రి నాయన మంచం పక్కన కూర్చుని రెండు పేజీల ఉత్తరం రాశాను. నాయన నన్ను ఎట్లా చదివించారో, అమ్మ షుగర్ సంగతి, ఎనిమిది నెలల చదువు, అన్నీ అందులో ఉన్నాయి. పొద్దున మా వీధిలోని రిటైరైన ఇంగ్లీషు సార్ నాయనను చూడ్డానికి వచ్చారు. ఉత్తరం చూపించాను. మొత్తం చదివి, కళ్లద్దాలు తీసి, "పాపా, ఇది నాకు రాసినట్టుంది. అక్కడ కూర్చున్న మనిషికి నాలుగు సంగతులు కావాలమ్మా. ఎవరికి, ఏమైంది, ఏ తేదీ నుంచి, నీకేం కావాలి" అన్నారు. ఇద్దరం కలిసి కొట్టేస్తూ పోతే చివరికి మిగిలింది తెలుగులో చెప్పాలంటే ఇంతే:

"నా అప్లికేషన్ నంబర్ ఇది. 2025 జూలై 5న ఉదయం 10 గంటలకు హైదరాబాదులో నాకు పరీక్ష ఉంది. జూలై 3 రాత్రి మా నాన్నగారికి పక్షవాతం వచ్చి కర్నూలు ప్రభుత్వ ఆసుపత్రిలో చేరారు. ఇంకా అక్కడే ఉన్నారు. ఆయన దగ్గర ఉండి చూసుకుంటున్నది నేనే, అందువల్ల పరీక్షకు రాలేకపోయాను. ఫీజు కోల్పోకుండా పరీక్షను వేరే తేదీకి మార్చుకునే అవకాశం ఇవ్వండి. డాక్టర్ సర్టిఫికెట్, ఆసుపత్రి అడ్మిషన్ కాగితం జతచేశాను."

ఇక కాగితాలు. డిశ్చార్జ్ సమ్మరీ ఇంటికి పంపేటప్పుడే ఇస్తారు కాబట్టి అది లేదు. నా చేతిలో ఉన్నది ఓపీ చీటీ ఒక్కటే. దాని ఫోటో అక్కకు పంపితే, అది చూసి వెంటనే ఫోన్ చేసింది. చీటీ మీద తేదీ 03/07 అని ఉంది. అమెరికా పద్ధతిలో నెల ముందు రాస్తారు. అట్లా చదివితే అది మార్చి 7. నా పరీక్షకు నాలుగు నెలల ముందు నాయన ఆసుపత్రికి పోయినట్టు అవుతుంది! నా కంటికి అది ఎన్నిసార్లు చూసినా ఆనేది కాదు.

ఇంకో చిక్కు పేరుతో వచ్చింది. నాయన ఆధార్‌లో ఇంటిపేరుతో కలిపి మూడు మాటలుంటాయి. రాత్రి హడావుడిలో కేసు షీట్‌లో మాత్రం వీధిలో అందరూ పిలిచే ఒక్క మాటే పడింది. సోమవారం పొద్దున ఆధార్ తీసుకుని రికార్డుల సెక్షన్‌కు పోతే, అక్కడి సార్ విసుక్కోకుండా దరఖాస్తు రాయించుకుని, పేరు సరిచేయించి, ఆసుపత్రి అధికారి ఆర్‌ఎంఓ సంతకం దాకా తనే నడిచారు. సార్, మీ బల్ల ముందు ఎంతమంది నిలబడి ఉన్నారో చూశాను. అయినా నా కాగితం పక్కన పెట్టలేదు.

వార్డులోని పీజీ డాక్టరమ్మ సర్టిఫికెట్ రాసిచ్చారు. మొదట "చికిత్సలో ఉన్నారు" అని మాత్రమే రాశారు. ఏ తేదీ నుంచి అన్నది రాయాలని, నెల అక్షరాల్లో ఉండాలని అడగడానికి నాకు మొహమాటం వేసింది. రాత్రంతా డ్యూటీ చేసి కళ్లు ఎర్రబడిన మనిషి ఆమె. అడగగానే కొత్త కాగితం తీసుకుని మళ్లీ రాశారు. జూలై 3 నుంచి ఇన్‌పేషెంటుగా ఉన్నారని, పక్కన ఒక మనిషి తప్పకుండా ఉండాలని, ఆ మనిషి కూతురని, నా పేరుతో సహా. కింద సంతకం, స్టాంపు, తన రిజిస్ట్రేషన్ నంబర్. పరీక్ష తేదీ ఆ రోజుల మధ్యలోనే పడుతుందని చూడగానే తెలిసేది ఆ ఒక్క కాగితంలోనే.

సోమవారం సాయంత్రం అన్నీ స్కాన్ చేసి ఒకే పీడీఎఫ్‌గా పంపాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది: రోగి మీకు ఏమవుతారో ఆధారం కావాలి అని. నేను పాస్‌పోర్టు మొదటి పేజీ మాత్రమే పెట్టాను, అందులో నాయన పేరు ఉండదు. నా పాస్‌పోర్టు చివరి పేజీలో అమ్మానాయనల పేర్లు ఇంగ్లీషులోనే ఉన్నాయి. అది పంపాను. సీటీ స్కాన్ రిపోర్టులు కూడా పెట్టబోతే ఇంగ్లీషు సార్ వద్దన్నారు, అడగని జబ్బు వివరాలు పంపడం నాయనకు మర్యాద కాదని. నాయన ఆధార్ కూడా చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీనే జతచేశాను.

జూలై 16న ఒప్పుకున్నారు. మళ్లీ ఫీజు లేకుండా కొత్త తేదీ తీసుకోమన్నారు. అయితే అప్లికేషన్ మంజూరైనప్పుడు ఇచ్చిన ఏడాది గడువు పెరగలేదు. నాది నవంబరులో అయిపోతుంది, పరీక్ష ఆలోపే రాయాలి. సెప్టెంబరు 20, శనివారానికి బుక్ చేసుకున్నాను.

అన్నా, అక్కా, సార్, డాక్టరమ్మా, రికార్డుల సెక్షన్ సార్, మీ అందరికీ నా నమస్కారాలు. రాత్రుళ్లు నేను కునుకు తీస్తే నాయన సెలైన్ బాటిల్ చూసిన పక్క మంచం ఆదోని అమ్మకు కూడా. పెద్దమ్మా, నీ కొడుకు ఇంటికి పోయినాడని సిస్టరమ్మ చెప్పింది, శానా సంతోషం. ఎవరికైనా ఇట్లాంటి అవసరం పడితే, పేర్లు తీసేసిన ఆ ఉత్తరం ఇంగ్లీషు కాపీ నా దగ్గరుంది. అడగండి, పంపిస్తాను.