నా భార్యకు, ఆ యూరాలజిస్టు గారికి కృతజ్ఞతలు

నా వయసు నలభై మూడు. పోయిన ఏడాది ఎనిమిది నెలల పాటు నాకు అంగస్తంభన సరిగా ఉండేది కాదు. సిగ్గుతో ఎవరికీ చెప్పలేదు. పని ఉందని వంక పెట్టి, నా భార్య నిద్రపోయాకే గదిలోకి వెళ్లేవాణ్ణి. తన మీద ఇష్టం పోయిందేమో అనుకుని తను లోలోపల ఎంత ఏడ్చిందో నాకు తర్వాత తెలిసింది. గోడల మీద ప్రకటన చూసి ఒకచోట ఆరు వేలు పోసి పొడి కొన్నాను. ఏ ఫలితమూ లేదు.

ఒక రాత్రి తనే అడిగింది. "ఏమండీ, రాత్రికి మూడు నాలుగు సార్లు మూత్రానికి లేస్తున్నారు, నీళ్లు కూడా తెగ తాగుతున్నారు. ఒకసారి చూపించుకుందాం, నేనూ వస్తాను" అంది. ఆ మాటకే ముందుగా కృతజ్ఞతలు.

డాక్టర్ గారు తలుపు వేసి, జ్వరం గురించి అడిగినంత మామూలుగా అడిగారు: "తెల్లవారుజామున, నిద్రలో గట్టిపడటం ఉంటోందా?" అది మామూలుగానే ఉండి, భార్య దగ్గర మాత్రమే విఫలమైతే టెన్షన్, భయం ఎక్కువ కారణం కావచ్చట. అదీ తగ్గితే శరీరంలో ఏదో ఉందేమో చూడాలట. నాకు అదీ తగ్గింది. పరీక్షల్లో మూడు నెలల షుగర్ సగటు 9.2 వచ్చింది, బీపీ 150/96. నాకు షుగర్ ఉందనే తెలియదు!

ఆయన చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. అంగంలోని రక్తనాళాలు గుండె నాళాల కంటే సన్నవి, అందుకే పూడిక మొదలైతే తరచుగా ముందు అక్కడే బయటపడుతుంది. షుగర్ నరాలనూ దెబ్బతీస్తుంది. ఒకసారి విఫలమయ్యాక "ఈసారి కూడా ఇంతేనేమో" అన్న భయం పుడితే, ఆ కంగారుకే నాళాలు ముడుచుకుంటాయి. నాకు రెండూ కలిశాయి. అందుకే గుండె పరీక్ష కూడా చేయించారు.

షుగర్‌కి, బీపీకి మందులిచ్చారు, సిగరెట్ మాన్పించారు, రోజూ నడవమన్నారు. గుండె బాగుందని తేలాకే అంగస్తంభనకు సిల్డెనాఫిల్ 50 మాత్ర రాశారు. అంతకుముందు నేనే మందుల షాపులో అడిగి అదే మాత్ర కొన్నాను, బిర్యానీ తిన్నాక వేసుకుంటే పనిచేయలేదు. నూనె ఎక్కువున్న భోజనం మీద వేసుకుంటే ఆలస్యమవుతుందనీ, గంట ముందు వేసుకోవాలనీ, కోరిక లేకుండా దానంతటది పనిచేయదనీ అప్పుడే తెలిసింది. ఒక మాట మాత్రం రెండుసార్లు చెప్పారు: ఛాతీ నొప్పికి నాలుక కింద పెట్టుకునే మాత్రలు, ఇతర నైట్రేట్ మందులు వాడేవారు దీన్ని ముట్టుకోకూడదు. బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదకు వస్తుంది. నేను డాక్టర్‌ని అడగకుండా కొన్నప్పుడు ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు.

ఇప్పుడు ఐదో నెల. షుగర్ సగటు 7.1. అన్ని రాత్రులూ ఒకేలా లేవు, ఇంకా కొన్నిసార్లు కుదరదు. కుదరని రోజు నేను గోడవైపు తిరగను, తన చెయ్యి పట్టుకుని చెప్తాను. డాక్టర్ గారూ, ఆ రోజు నా భార్యను కూడా లోపలికి పిలిచి "ఇది మీ మీద ఇష్టం తగ్గడం కాదమ్మా" అని చెప్పారు చూడండి, నేను ఎనిమిది నెలలు చెప్పలేకపోయిన మాట అది.