గురువారం సీపీఆర్ ప్రాక్టీసు, రాత్రి షిఫ్టుకు ఇద్దరు కావాలి

అందరికీ నమస్కారం.

గురువారం మధ్యాహ్నం 3 గంటలకు మీటింగ్ హాల్లో సీపీఆర్ ప్రాక్టీసు. అరగంటే. బొమ్మ ఒక్కటే ఉంది, టైముకి రండి.

ఫస్ట్ ఎయిడ్ శిక్షణ తీసుకున్నవాళ్లు మనలో నలుగురు. వినడానికి బాగానే ఉంది కానీ ముగ్గురిదీ పగటి షిఫ్టే. నాలుగో ఆయన సెలవు పెడితే రాత్రి ఎవరూ లేనట్టే. రాత్రి షిఫ్టు నుంచి ఇంకో ఇద్దరు బుధవారంలోగా పేర్లివ్వండి.

నిన్న కిట్ తెరిచి చూశాం. గాజుగుడ్డ, బ్యాండేజీలు నిండుగా ఉన్నాయి. గ్లవ్స్ మాత్రం ఒక్క జతే, టేపు జిగురు ఎండిపోయింది. వాడినవాళ్లు రిజిస్టర్లో రాయలేదు, అందుకే మాకు తెలియలేదు. చిన్న గాటైనా సరే తేదీ, సమయం, ఎవరికి ఎలా తగిలింది, ఏం చేశారు, ఏం వాడారు అన్నీ రాసి సంతకం పెట్టండి.

గురువారం రాలేనివాళ్లకు: మనిషి పలకడం లేదు, ఊపిరి మామూలుగా ఆడటం లేదు అంటే వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టండి. ఆగి ఆగి ఎగపీల్చడం ఊపిరి కాదు, చాలామంది పొరబడేది ఇక్కడే. పెద్దవాళ్లకైతే ఛాతీ మధ్యలో రెండు చేతులూ ఒకదానిపై ఒకటి పెట్టి, మోచేతులు వంచకుండా, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి. ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి లేవనివ్వాలి. నోటితో ఊపిరి ఇవ్వడం నేర్చుకున్నవాళ్లు 30 నొక్కులకు 2 సార్లు ఇవ్వండి, రానివాళ్లు నొక్కుతూనే ఉండండి. 2 నిమిషాలకోసారి మనిషి మారాలి. అలసిపోతే లోతు తగ్గిపోతుంది, నొక్కేవాళ్లకు ఆ సంగతి తెలియదు.

వచ్చేవాళ్లు ఇక్కడే పేరు పెట్టండి. ప్యాంటు మోకాళ్లు నలుగుతాయి, ముందే చెబుతున్నా!