హాజరు పట్టికలో XX గళ్ల గురించి మా కస్టమర్లకు

"రిజిస్టర్ స్కాన్లు పంపితే నెల పట్టిక చేసి ఇస్తామన్నారు. తీరా చూస్తే కొన్ని గళ్లు నింపకుండా XX అని పెట్టారు. ముందు నెలల్లో ఇలా లేదు కదా, ఇప్పుడేమైంది?"

ముందు నెలల్లో అలాంటి గళ్లను మేమే ఊహించి నింపేశాం. పక్క రోజుల్లో ఏముందో చూసి, ఇక్కడా అదే అయ్యుంటుందిలే అనుకుని రాసేశాం. అది తప్పు. ఒక్క గడి తేడా పడితే ఒకరికి ఒక రోజు జీతం తగ్గుతుంది, లేదా రాని రోజుకు జీతం పడుతుంది. అందుకే పద్ధతి మార్చాం. ఏం జరిగిందో దాచకుండా చెబుతాను.

మేం గట్టిగా దెబ్బతిన్నది A అనే అక్షరం దగ్గర. ఒక కస్టమర్ రిజిస్టర్‌లో హాజరూ షిఫ్టూ ఒకే గడిలో రాస్తారు. ఉదయం షిఫ్ట్‌కు A, మధ్యాహ్నానికి B, రాత్రికి C, వారపు సెలవుకు W. మనిషి రాకపోతే ఆబ్సెంట్ కాబట్టి దానికీ A యే. తేడా అంతా ఇంకులోనే ఉంది. షిఫ్ట్ నీలం పెన్నుతో, గైర్హాజరు ఎర్ర పెన్నుతో రాస్తారు. కాగితం మీద చూస్తే ఎవరికైనా ఇట్టే తెలుస్తుంది. మాకు వచ్చింది మాత్రం బ్లాక్ అండ్ వైట్ స్కాన్. అందులో రెండు A లూ ఒకటే నలుపు. రిజిస్టర్ మొదటి పేజీలో గుర్తుల వివరం ఉందేమో అడగాల్సింది, అడగలేదు. అన్నిటినీ ఉదయం షిఫ్ట్‌గానే ఎక్కించేశాం.

పట్టుకున్నది వరుస చివర ఉండే మొత్తం. 30 రోజుల నెల, 17వ వరుస. మా పట్టికలో A లు 9, B లు 8, C లు 8, W లు 4, చదవలేని గడి 1. అంటే హాజరు 25, లేదా 26. రిజిస్టర్‌లో సూపర్‌వైజర్ చేత్తో వేసిన మొత్తం 23. ఒకటి తగ్గితే ఎక్కడో కూడిక తప్పిందనుకోవచ్చు. పక్క వరుసల్లోనూ ఇదే తంతు, ప్రతిచోటా మా లెక్కే ఎక్కువ. తప్పులు చేతిజారి పడితే కొన్ని ఎక్కువా కొన్ని తక్కువా వస్తాయి. అన్నీ ఒకే వైపు పోతున్నాయంటే ఒక గుర్తునే మొత్తంగా తప్పు చదువుతున్నామని అర్థం.

కలర్ స్కాన్ మళ్లీ తెప్పించుకున్నాం. ఆ 9 A లలో 3 ఎర్రవి. అంటే ఉదయం షిఫ్ట్ 6, హాజరు 22, చదవలేని గడి 1. రాసిన మొత్తం 23 తో ఇప్పుడు పొసుగుతుంది, ఆ గడి హాజరే అయితే. అది 19వ తేదీ గడి. ఆ తేదీ నిలువు వరుస కింద రాసిన మొత్తం 31, మేం స్పష్టంగా చదివినవి 30. అడ్డంగా చూసినా నిలువుగా చూసినా ఒకటే మాట: ఆ రోజు మనిషి వచ్చాడు.

వచ్చింది ఏ షిఫ్ట్‌కో మాత్రం మొత్తాలు చెప్పవు. అడుగున B, దాని మీద దిద్ది C లాంటి గీత. 18న B, 20న C, కాబట్టి పక్క గళ్లూ సాయపడవు. షిఫ్ట్ రోస్టర్‌లో 19న B అని ఉంది. ఒకప్పుడైతే అది చూసి B అని నింపేసేవాళ్లం. కానీ రోస్టర్ నెల మొదట్లో వేసుకున్న ప్రణాళిక, రిజిస్టర్ ఆ రోజు నిజంగా జరిగినదానికి రాత. ఒకదాంతో మరొకదాన్ని నింపకూడదు. XX పెట్టి, ఆ గడి బొమ్మ కత్తిరించి జతచేసి, "హాజరు ఖాయం, షిఫ్ట్ B లేదా C, దిద్దుబాటు" అని రాసి పంపాం. వాళ్లు సూపర్‌వైజర్‌ని అడిగితే ఆ రోజు ఇద్దరు షిఫ్ట్ మార్చుకున్నారని తేలింది. అతను వచ్చింది రాత్రికి. మేం B అని నింపి ఉంటే అతని నైట్ అలవెన్స్ పోయేది.

పట్టికలో ఇప్పుడు రిజిస్టర్ గుర్తులను ఉన్నవి ఉన్నట్టు ఎక్కించడం లేదు. షిఫ్ట్‌లు S1, S2, S3. గైర్హాజరు AB, వారపు సెలవు WO. ఒక గుర్తుకు ఒకటే అర్థం. అనుమానం గడికి మొదట్లో ? పెట్టేవాళ్లం, అదీ మానేశాం. ఎక్సెల్‌లో వెతికి మార్చేటప్పుడు ? అంటే "ఏదైనా ఒక అక్షరం" అని అర్థం. ఒక కస్టమర్ గళ్లన్నీ సెలెక్ట్ చేసి ? బదులు P పెట్టబోతే, ఉన్న ప్రతి అక్షరమూ P అయిపోయి నెలంతా అందరూ హాజరైనట్టు వచ్చింది. పాపం ఆయన టెన్షన్ అంతా ఇంతా కాదు. మా పాత ఫైళ్లు మీ దగ్గరుంటే వాటిలో ~? అని కొట్టి వెతకండి, అప్పుడు నిజమైన ప్రశ్నార్థకమే దొరుకుతుంది. రంగు ఒక్కటే గుర్తుగా వాడటం కూడా ఆపాం, ఎందుకంటే ఫైలును CSV గా మారిస్తే రంగు పోతుంది.

మీరే సరిచూసుకోవడానికి ప్రతి వరుస పక్కన ఈ రెండు లెక్కలు ఉంటాయి. మొదటిది హాజరు, రెండోది తేలని గళ్లు:

```
=COUNTIF(C5:AF5,"S*")
=COUNTIF(C5:AF5,"XX")
```

రిజిస్టర్‌లో రాసిన మొత్తం మొదటి సంఖ్యకు తగ్గకుండా, రెండూ కలిపిన సంఖ్యకు మించకుండా ఉంటే వరుస పొసిగినట్టే. దాటితే ఆ వరుస మొత్తాన్ని మళ్లీ చదువుతాం. ఒక వరుసలో ఒకటి ఎక్కువ, దాని పక్క వరుసలో ఒకటి తక్కువ, తేదీ మొత్తాలు మాత్రం సరిగ్గా ఉన్నాయంటే, టైప్ చేసేవారి కన్ను ఒక గీత కిందికి జారిందన్నమాట. బైండింగ్ దగ్గర పేజీ వంగి గీతలు ఒరిగిన చోట ఇది ఎక్కువ.

ఇంత చూసినా ఒక లోటు ఉంది. ఒకే వరుసలో ఒక రాని రోజును వచ్చినట్టూ, ఒక వచ్చిన రోజును రానట్టూ చదివితే వరుస మొత్తం సరిపోతుంది. తేదీ మొత్తాలు ఉంటేనే అది బయటపడుతుంది. అవి వేయని రిజిస్టర్లకు మేం ఇద్దరం విడివిడిగా టైప్ చేసి, రెండు పట్టికలనూ గడి గడికీ పోల్చి, తేడా వచ్చినచోట XX పెడుతున్నాం. ఇద్దరం ఒకే రకంగా పొరబడితే మాత్రం దొరకదు. షిఫ్ట్ B ని C గా చదివినా మొత్తాలు మారవు కాబట్టి, షిఫ్ట్ విషయంలో ఏ కాస్త సందేహం ఉన్నా XX పెట్టేస్తున్నాం. అందుకే మీకు అవి ఎక్కువ కనిపిస్తున్నాయి.

దీనివల్ల పట్టిక చేతికి రావడానికి ఇదివరకటి కంటే ఒక రోజు ఎక్కువ పడుతోంది. మీ వైపు నుంచి కలర్ స్కాన్ కావాలి, 300 డీపీఐ చాలు. వరుస చివరి మొత్తాలు, పేజీ అడుగున తేదీ మొత్తాలు అంచుల్లో తెగిపోకుండా చూడండి. గుర్తుల వివరం ఉన్న పేజీ కూడా పంపండి. అలాంటి పేజీ లేకపోతే ఎవరు ఏ గుర్తు ఎందుకు వాడతారో ఫోన్‌లో చెప్పినా రాసుకుంటాం. కొట్టివేతల పక్కన ఉన్న చిన్న సంతకాలు ఎవరివో చెబితే చాలా గళ్లు అక్కడికక్కడే తేలిపోతాయి.

మాకు ఇదివరకు బ్లాక్ అండ్ వైట్ స్కాన్లు పంపిన ప్రతి ఒక్కరి పాత పట్టికల్నీ రాసిన మొత్తాలతో మళ్లీ పోలుస్తున్నాం. పొసగని వరుసలు దొరికితే పేజీ, వరుస నంబర్లతో సహా మీకు విడిగా పంపుతాం, ఆ ఖర్చు మేమే పెట్టుకుంటాం. ఆ నెలల రిజిస్టర్లు దయచేసి భద్రంగా ఉంచండి, ఆ పేజీల కలర్ స్కాన్ అడుగుతాం.