కౌన్సెలర్‌కి దొరికేది రెండు మూడు సార్లే, ఆ టైమ్ ఫారం నింపడానికే పోతోంది

ఎడిటర్ గారికి నమస్కారం. స్కూళ్లలో కౌన్సెలర్లని పెట్టాలని మీ పేపర్లో వరసగా రాస్తున్నారు, మంచిదే, కానీ పెట్టాక వాళ్లు పిల్లలతో ఏం మాట్లాడుతున్నారో కూడా చూడాలి కదా. నేను నాలుగైదు స్కూళ్లు తిరిగే కౌన్సెలర్‌ని. ఒక్కో పిల్లాడు నాకు ఏడాదిలో రెండు మూడు సార్లు దొరికితే గొప్ప. చేతిలో పెట్టే ఫారంలోనేమో సమస్య ఏంటి, ఎప్పటినుంచి, ఇంట్లో ఎవరెవరు, గొడవలున్నాయా అని రెండు పేజీలు, అవి రాసేసరికే బెల్ కొట్టేస్తారు, పిల్లాడు తన బాధంతా ఇంకోసారి చెప్పుకుని అలాగే క్లాసుకి వెళ్లిపోతాడు.

ఇలా తక్కువ సార్లు కలిసేవాళ్లకి బాగా పనికొచ్చే పద్ధతి ఒకటుంది, సొల్యూషన్ ఫోకస్డ్ బ్రీఫ్ థెరపీ. అమెరికాలోని మిల్వాకీలో స్టీవ్ డి షేజర్, ఇన్సూ కిమ్ బెర్గ్ అనే భార్యాభర్తలు, వాళ్ల టీమ్ 1978లో మొదలుపెట్టిన సెంటర్‌లో తయారైంది. కారణం తవ్వుకుంటూ కూర్చోకుండా, బాగైతే ఎలా ఉంటుందో పిల్లాడి చేతే చెప్పించి, అందులో ఇప్పటికే ఎంతో కొంత జరుగుతున్నదాన్ని వెతికి పట్టుకుంటారు.

ఒక తొమ్మిదో తరగతి అబ్బాయి సంగతి చెప్తా, గుర్తుపట్టకుండా వివరాలు కొంచెం మార్చాను. లెక్కల పీరియడ్ వస్తే చాలు కడుపునొప్పి అంటాడు. ముందు డాక్టర్‌కి చూపించారు, ఏమీ లేదన్నారు (ఇది మాత్రం ముందే చేయాలి). నేను నిదానంగా అడిగా, "నాన్నా, ఈ రాత్రి అన్నం తిని పడుకున్నావు, అందరూ నిద్రపోయాక ఏదో అద్భుతం జరిగి నువ్వు నా దగ్గరికి వచ్చిన కష్టం పోయింది, కానీ నిద్రలో ఉన్నావు కాబట్టి నీకు తెలీదు. పొద్దున్న లేచాక ఏం చూసి ఏదో మారింది అనుకుంటావు?" అని. కాసేపు మాట్లాడలేదు. ఆ టైమ్‌లో మనం నోరు తెరవకూడదు, తెరిస్తే పోయింది. తర్వాత "లెక్కల సార్ మారిపోతారు" అన్నాడు. ఇలాంటి జవాబే ఎక్కువగా వస్తుంది, ఇక్కడే చాలామంది అలా కుదరదులే అని నీతులు మొదలుపెడతారు. "సరే, మారారు అనుకో, అప్పుడు నువ్వు వేరేగా ఏం చేస్తావ్?" అని అడగాలి. రెండో బెంచీలో కూర్చుంటా, రాకపోతే పక్కవాణ్ణి అడుగుతా అన్నాడు. అమ్మకెలా తెలుస్తుంది అంటే, లేపకుండానే లేస్తా అన్నాడు. ఇవన్నీ వాడి చేతిలో ఉన్న పనులే చూడండి.

అప్పుడు స్కేల్. ఆ అద్భుతం తర్వాతి రోజు 10, అన్నిటికంటే ఘోరంగా ఉన్న రోజు 0, ఇప్పుడెక్కడున్నావ్ అంటే 3 అన్నాడు. మన పిల్లలు దీన్ని మార్కులనుకుని మనల్ని సంతోషపెట్టడానికి 7, 8 చెప్పేస్తారు, ఇందులో పాస్ ఫెయిల్ లేదని ముందే చెప్పాలి. 3 వినగానే 10 దాకా ఎందుకు లేవు అని అడిగితే తప్పులు ఏకరువు పెడతాడు, అందుకే "0 కాకుండా 3 ఎలా అయింది?" అన్నా. జామెట్రీ చెప్పిన రోజు పీరియడంతా కూర్చున్నా, బొమ్మలు బాగా గీస్తా అన్నాడు. వాడు ఆ క్లాసులో కూర్చున్న రోజు కూడా ఉందని ఆ స్కూల్లో ఎవరూ గమనించలేదు! మరి 4 అంటే ఎలా ఉంటుంది అంటే, జామెట్రీ లేని రోజు ఒకసారి సగం పీరియడ్ కూర్చుంటా అన్నాడు. అంతే, ఆ రోజుకి అక్కడే ఆపేశా. మళ్లీ కలిసినప్పుడు "కడుపునొప్పి తగ్గిందా" అనలేదు, "అప్పటినుంచి ఏం బాగైంది" అని మొదలుపెట్టా. నంబర్ తగ్గినా కంగారు పడక్కర్లేదు, ఇంకా కిందకి పోకుండా ఎలా ఆపావు అని అడగొచ్చు.

అన్నిటికీ ఇది పనికిరాదు. చచ్చిపోవాలనుంది అన్న పిల్లని అద్భుతం గురించి అడక్కూడదు, నేరుగా ఆ మాటే అడిగి, ఒంటరిగా వదలకుండా, ఇంట్లోవాళ్లని పిలిపించి డాక్టర్‌కి చూపించాలి, మానసిక సమస్యలకి ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416 ఉంది. ఎవరైనా లైంగికంగా వేధిస్తున్నారని తెలిస్తే పోక్సో చట్టం ప్రకారం పోలీసులకి చెప్పి తీరాలి. ఇంట్లో కొడుతున్నారంటే నువ్వెలా తట్టుకుంటున్నావ్ అని నంబర్లు అడుగుతూ కూర్చోవడం అన్యాయం, పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి.

విద్యాశాఖ వాళ్లకి నా విన్నపం, ఆ రెండు పేజీల ఫారంలో పిల్లాడు చెప్పిన నంబర్, అంత ఎలా ఉందో, ఇంకొక్కటి పెరిగితే కనిపించేదేంటో రాయడానికి మూడు లైన్లు ఇవ్వండి. రోజుకి ఎంతమందిని చూశారని లెక్క అడిగే బదులు, అదే పిల్లాడిని రెండు మూడు వారాల తర్వాత మళ్లీ కలిసే వీలు టైమ్‌టేబుల్‌లోనే పెట్టండి. ఆ పీరియడ్‌లో తలుపున్న గది ఒకటి కావాలి, స్టాఫ్ రూమ్ మూలలో పదిమంది సార్లు వింటుంటే ఏ పిల్లాడూ 3 అని చెప్పడు, 8 అనే చెప్తాడు.

ఇట్లు,
ఒక స్కూల్ కౌన్సెలర్, వరంగల్