మతద్రోహులన్నది ఎవరు?

సంపాదకుడికి,

తొలి క్రైస్తవ సంఘంపై గత ఆదివారం మీ అనుబంధంలో వచ్చిన వ్యాసం చదివాను. మొదట అందరిదీ ఒకే బోధ అని, రెండో శతాబ్దంలో, రక్షణ ప్రత్యేక జ్ఞానం వల్ల వస్తుందన్న ‘గ్నోస్టిక్ మతద్రోహులు’ దాన్ని చీల్చారని రాశారు. ఆ మాట దగ్గరే నాకు అభ్యంతరం.

మతద్రోహాన్ని ఇంగ్లిషులో ‘హెరెసీ’ అంటారు. దానికి మూలం హైరెసిస్ అనే గ్రీకు మాట. ఎంచుకున్న దారి, ఒక పక్షం అని దానర్థం. మన తెలుగు బైబిల్లోనే చూడండి. అపొస్తలుల కార్యములు 5వ అధ్యాయంలో సద్దూకయ్యుల ‘తెగ’ అని, 24వ అధ్యాయంలో నజరేయుల ‘మతభేదము’ అని ఉంటుంది. గ్రీకులో రెండుచోట్లా ఒకటే మాట. పైగా ఆ నజరేయులు యేసు శిష్యులే. ఆ పేరు పెట్టింది పౌలు మీద ఫిర్యాదు చేసినవాళ్లు.

ఆ మాటను నేరంగా స్థిరపరచినవారిలో ముఖ్యుడు లియోన్ బిషప్పు ఇరేనియస్. క్రీ.శ. 180 ప్రాంతంలో ఐదు పుస్తకాలు రాసి, ముఖ్యంగా గ్నోస్టిక్ బోధకుడు వాలెంటినస్ అనుచరులను ఖండించాడు. అయితే వాళ్ల ఫిర్యాదును కూడా ఆయనే రాసిపెట్టాడు: మేమూ మీరు చెప్పేదే చెబుతున్నాం కదా, మమ్మల్నెందుకు దూరం పెడుతున్నారు, మతద్రోహులని ఎందుకంటున్నారు అని వాళ్లు అడిగేవారట. బయటినుంచి దాడికొచ్చిన శత్రువు ఇలా అడగడు. ఒకే సంఘంలో, పక్కపక్కన కూర్చున్నవాళ్ల తగవిది.

1945లో ఈజిప్టులోని నాగ్ హమ్మాది దగ్గర ఒక జాడీలో కోప్టిక్ భాషలో రాసిన పాత పుస్తకాలు దొరికేదాకా, వీళ్ల గురించి మనకు తెలిసిందంతా దాదాపు ప్రత్యర్థుల నోటి మాటే. వాటిలో ‘సత్య సువార్త’ ఉంది. ఇరేనియస్ ఆ పేరుతో ప్రస్తావించింది ఇదేనా అన్నదానిపై పండితుల్లో ఏకాభిప్రాయం లేదు. చదివితే మాత్రం తప్పిపోయిన గొర్రె, మానుకు మేకులతో కొట్టబడిన యేసు కనిపిస్తారు. ఇరేనియస్ వాళ్ల బోధగా వర్ణించిన వింత దేవుళ్ల వంశావళి కోసం వెతికాను, అది అందులో లేదు.

అలాగని గ్నోస్టిక్కులు పాపం అమాయకులు, సంఘమే వాళ్లను అణచేసిందనే కథ కూడా నిలవదు. అక్కడే దొరికిన ‘పేతురు ప్రకటన’ బిషప్పులను, డీకన్లను నీళ్లులేని కాలువలంటుంది. దాని దృష్టిలో దారితప్పినవాళ్లు వాళ్లే! ముద్ర వేయడం రెండువైపులా జరిగింది. ఇవన్నీ సమానంగా పాతవని కూడా నేననను: పౌలు పత్రికలు 50లలోవి, ఈ ప్రతులు నాలుగో శతాబ్దానివి, వాటి గ్రీకు మూలాలు ఎక్కువగా రెండు, మూడు శతాబ్దాలవి.

కాబట్టి నా విన్నపం చిన్నది. ఇకమీదట ‘మతద్రోహులు’ అని ఊరికే రాయకుండా, ‘ఇరేనియస్ మతద్రోహులన్న వాలెంటినియన్లు’ అని రాయండి. రెండు మాటలు పెరుగుతాయి, అంతే.

— విశ్రాంత చరిత్ర అధ్యాపకుడు, గుంటూరు