కార్యదర్శి వార్షిక నివేదిక: పేర్ల తేడాల మీద ఈ ఏడాది జరిగిన పని

గౌరవ సభ్యులకు నమస్కారం.

సంఘం ఆశయాలు మీకు కొత్త కాదు, నేరుగా పనిలోకి వస్తాను. ఏడాదంతా కార్యవర్గానికి అండగా నిలిచిన అధ్యక్షులకు, ప్రతి కాగితాన్నీ ఓపిగ్గా చదివిన ఉపాధ్యక్షురాలికి, హాలు ఇప్పించిన సభ్యుడికి, టీలు అందించిన యువ సభ్యులకు, ఫోటోలు తీసిన వారికి, వాటిని పంపిస్తానని ఇంకా పంపని వారికి కూడా కృతజ్ఞతలు. సర్వసభ్య సమావేశం, రెండు శిక్షణ తరగతులు, రక్తదాన శిబిరం ఎప్పటిలాగే జరిగాయి.

ఈ ఏడాది గర్వంగా చెప్పుకోవాల్సింది పత్రాల పరిశీలన శిబిరం. డిగ్రీ మీద ఒక పేరు, వృత్తి లైసెన్సు మీద ఇంకో పేరు ఉండి, ఉద్యోగం మారేటప్పుడో వేరే దేశంలో రిజిస్ట్రేషన్‌కి దరఖాస్తు చేసేటప్పుడో ఆగిపోయిన సభ్యుల కోసం దీన్ని పెట్టాం. రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన రోజంతా కూర్చుని అందరి కాగితాలూ చూశారు. ఆయనకు సంఘం రుణపడి ఉంది.

వచ్చిన వాళ్లలో ఎక్కువమంది ఒకే మాట అన్నారు: "డిగ్రీ మీద పేరు మార్పించాలండీ." పెద్దాయన అక్కడే ఆపేవారు. డిగ్రీ అనేది ఆ రోజు ఆ పేరున్న విద్యార్థికి పట్టా ఇచ్చామని యూనివర్సిటీ రాసిపెట్టుకున్న రికార్డు. తర్వాత పెళ్లితోనో చట్టప్రకారమో పేరు మారితే చాలా యూనివర్సిటీలు పాత పట్టాను మార్చవు, అలా మార్చకపోవడమే సబబు కూడా. అడ్మిషన్ రికార్డులో ఉన్న పేరుకు భిన్నంగా వాళ్లే తప్పుగా అచ్చు వేస్తే మాత్రం దిద్దించుకోవచ్చు. లైసెన్సు అలా కాదు. అది ఇప్పుడు పనిచేస్తున్న మనిషిది, కాబట్టి దాని మీద పేరు పాస్‌పోర్టులో, గుర్తింపు కార్డులో ఉన్న ఇప్పటి పేరుతో కలవాలి. డిగ్రీకీ లైసెన్సుకీ మధ్య తేడా మిగిలినా ఫర్వాలేదు, ఆ తేడాను కలిపే కాగితం ఉంటే చాలు.

ఒక సభ్యురాలి కేసు చెప్తాను. ఆమె అనుమతితోనే చెప్తున్నాను, పేర్లు మాత్రం మార్చాను. డిగ్రీ మీద "కె. లక్ష్మీ ప్రసన్న" అని ఉంది. లైసెన్సు పెళ్లయ్యాక తీసుకున్నారు. లైసెన్సు ఇచ్చే బోర్డు వాళ్లు ఆమె గుర్తింపు కార్డు చూసి "లక్ష్మీ ప్రసన్న వేమూరి" అని రాశారు. పాస్‌పోర్టూ అదే పేరుతో ఉంది. ఆమె రిజిస్ట్రేషన్ కోసం దరఖాస్తు చేసిన వేరే దేశపు బోర్డు, డిగ్రీ నిజమేనా అని యూనివర్సిటీనే నేరుగా అడిగింది. దరఖాస్తులో ఆమె పాస్‌పోర్టు పేరు ఒక్కటే ఇచ్చారు. యూనివర్సిటీ తన రిజిస్టర్లో వేమూరి కోసం వెతికింది, ఎవరూ దొరకలేదు. "ధృవీకరించలేకపోతున్నాం" అని జవాబు వెళ్లింది. పట్టా అసలైనదే, వెతికిన పేరే వేరు. ఆమె మాత్రం దొంగ సర్టిఫికెట్ అనుకుంటారేమోనని టెన్షన్‌తో మా దగ్గరికొచ్చారు.

మ్యారేజ్ సర్టిఫికెట్ జత చేస్తే సరిపోతుందని ఆమె అనుకున్నారు. పెద్దాయన దాన్ని డిగ్రీ పక్కన పెట్టి చూపించారు. సర్టిఫికెట్‌లో "కొండూరి లక్ష్మీ ప్రసన్న" అని ఉంది, డిగ్రీలో ఉన్నది "కె." ఒక్కటే. ఆ "కె." కొండూరే అని చూసేవాళ్లకు ఎలా తెలుస్తుంది? అంటే ఇక్కడ రెండు లింకులు కావాలి. "కె." నుంచి కొండూరికి ఒకటి, కొండూరి నుంచి వేమూరికి ఇంకొకటి. రెండోదానికి మ్యారేజ్ సర్టిఫికెట్ ఉంది. మొదటిదానికి ఇంటిపేరు పూర్తిగా ఉన్న స్కూలు సర్టిఫికెట్ దొరికింది. దానిలో తండ్రి పేరు, పుట్టిన తేదీ యూనివర్సిటీ అడ్మిషన్ రికార్డుతో సరిపోయాయి. వాటి ఆధారంగా యూనివర్సిటీ ఇద్దరూ ఒకరేనని లేఖ ఇచ్చింది. మూడు పేర్లూ ఒకే మనిషివని నోటరీ ముందు అఫిడవిట్ కూడా చేయించాం.

అఫిడవిట్ గురించి ఒక్క మాట. ప్రతి పేరూ ఆ పత్రంలో అచ్చయినట్టే, చుక్క, ఖాళీ, వరుసతో సహా రాయాలి. "కె. లక్ష్మీ ప్రసన్న"కి బదులు "లక్ష్మీ ప్రసన్న కె." అని రాస్తే కొత్తగా నాలుగో పేరు పుట్టినట్టే. పైగా అఫిడవిట్ మన మాట మనమే చెప్పుకునే కాగితం. చాలా బోర్డులు దాన్ని తోడుగా తీసుకుంటాయి గానీ, అది ఒక్కటే ఉంటే ఒప్పుకోవు.

తర్వాత లైసెన్సు బోర్డు వంతు. అక్కడి ఫైల్లో "పూర్వపు పేర్లు" గడి ఖాళీగా ఉంది, ఎందుకంటే ఆమె అప్పట్లో మ్యారేజ్ సర్టిఫికెట్ ఇవ్వలేదు, వాళ్లూ అడగలేదు. ఇప్పుడు అన్నీ జతచేసి పూర్వపు పేరు నమోదు చేయించాం. లైసెన్సు నంబరు మారలేదు, మారకూడదు కూడా. ఆన్‌లైన్ రిజిస్టర్లో కూడా ఆ మార్పు కనిపించాకే లైసెన్సు సక్రమంగా ఉందని బోర్డు ఇచ్చే గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌కి దరఖాస్తు చేయమన్నాం. ఇంకో సభ్యుడు తొందరపడి ముందే ఆ సర్టిఫికెట్ తీసుకుని తర్వాత లైసెన్సులో పేరు దిద్దించారు. పాత పేరుతో ఉన్న సర్టిఫికెట్ చెల్లలేదు, మళ్లీ ఫీజు కట్టారు.

చివరికి ఆమె దరఖాస్తును మళ్లీ నింపి "డిగ్రీ మీద ఉన్న పేరు" గడిలో డిగ్రీ పేరునే, ఉన్నది ఉన్నట్టు రాశారు. యూనివర్సిటీకి ఈసారి రికార్డు దొరికింది. ఇదంతా అయ్యాక చూస్తే, ఆమె డిగ్రీలో గానీ లైసెన్సు మీద పేరులో గానీ ఒక్క అక్షరం మార్చాల్సిన పని పడలేదు.

దీనికి పూర్తిగా ఎదురు దారిలో వెళ్లిన సభ్యుడొకరు ఉన్నారు. ఎవరో చెప్పారని లైసెన్సును డిగ్రీ పేరుకి మార్పించుకున్నారు. ఇప్పుడు డిగ్రీ, లైసెన్సు కలుస్తున్నాయి, పాస్‌పోర్టు కలవడం లేదు. పరీక్ష హాలులో గుర్తింపు కార్డు చూసి వెనక్కి పంపేశారు. ఆయన లైసెన్సును మళ్లీ పాత పేరుకి మార్పించే పని ఇంకా నడుస్తోంది. కేవలం స్పెల్లింగ్ తేడా అయితే, అంటే ఒకచోట "లక్ష్మి"లో కె ఎస్ హెచ్, ఇంకోచోట ఎక్స్ ఉంటే, ఎవరి ఫైల్లో పొరపాటు జరిగిందో ముందు తేల్చుకుని వాళ్ల దగ్గరే దిద్దించుకోండి. మీరు అప్పట్లో ఇచ్చిన దరఖాస్తు కాపీ ఉంటే పని సగం అయినట్టే.

ఇక చెప్పక తప్పని విషయం. శిబిరానికి సహాయకులుగా పేర్లు ఇచ్చిన వాళ్లలో చాలామంది ఆ రోజు కనబడలేదు, కొందరు ఫోను కూడా ఎత్తలేదు. జిరాక్స్ మిషన్ దగ్గర కోశాధికారే నిలబడాల్సి వచ్చింది. వస్తానని మాటిచ్చిన లైసెన్సింగ్ అధికారి కోసం ముందు వరుసలో కుర్చీ వేసి ఉంచాం, కబురు కూడా రాలేదు. పేర్ల సవరణకు ఏయే పత్రాలు కావాలో ఒక జాబితా రాసివ్వమని ఆ ఆఫీసుకి పంపిన ఉత్తరాలకూ జవాబు లేదు. కౌంటర్ దగ్గర ఒకరు ఒకటి చెబితే ఇంకొకరు మరొకటి చెబుతున్నారు.

లెక్కలు ఆడిట్ అయ్యాయి. జమాఖర్చుల పట్టిక వెనక జతచేశాం, సందేహాలుంటే కోశాధికారిని అడగండి. చందా బాకీలున్న వాళ్లు దయచేసి కట్టండి.

రెండో శిబిరం ఆమోదం కోసం ఈ సమావేశం ముందు పెడుతున్నాను. వచ్చేవాళ్లు డిగ్రీ, లైసెన్సు, పాస్‌పోర్టు, పేరు మార్పు పత్రాలు అసలువి తెచ్చుకోండి, ఒక్కో దానిలో పేరు ఎలా అచ్చయిందో ముందే ఒక కాగితం మీద రాసుకుని రండి. సహాయకుల జాబితా ఇవాళ ఇక్కడే రాసుకుంటాం, ఆ రోజు నిజంగా రాగలిగిన వాళ్లే చెయ్యెత్తండి.

ఇట్లు,
కార్యదర్శి